బయాలజీకి తొమ్మిది గంటలు

ముందే చెప్పేస్తున్నాను: ఈ కథలో ఇల్లు కాలదు, దొంగలు పడరు, ఎవరూ ఆసుపత్రి పాలవరు. అయినా ఇది ఘోర ప్రమాదమే. ఒక స్కేలు, నాలుగు స్కెచ్ పెన్నులు, ఒక చార్టు కాగితం తీసుకుని, ఎవరి సాయమూ లేకుండా నేనొక్కదాన్నే ఇరవై ఒక్క రోజుల చదువును నేలమట్టం చేశాను. పైగా దాని గురించి నలభై మంది ముందు నిలబడి ఉపన్యాసం కూడా ఇచ్చాను. ఆ భాగం దగ్గర మీరు నవ్వుకోవచ్చు, నేనేమీ అనుకోను.

మాది బిలాస్‌పూర్ రైల్వే కాలనీ. నాన్న గూడ్సు బళ్ళ లోకో పైలట్. ఏ పూట డ్యూటీకి పిలుపొస్తుందో, ఏ పూట ఇంటికొస్తాడో ఆయనకే తెలియదు. నేను నీట్ పరీక్షకు రెండోసారి కూర్చోబోతున్నాను. మొదటిసారి తప్పినప్పుడు నాన్న కోప్పడలేదు. "ఇంకొక్క ఏడాది చూడమ్మా. ఈసారి కూడా అవ్వకపోతే బీఎస్సీలో చేరిపోదువు గాని" అన్నాడంతే. కోప్పడి ఉంటే నయం. మెత్తగా అన్న మాట రోజూ గుచ్చుకుంటుంది.

పరీక్షకు రెండున్నర నెలలుందనగా కోచింగులో మొదటి పెద్ద మాక్ టెస్టు పెట్టారు. అసలు పరీక్ష ఎలా ఉంటుందో అలాగే: నూట ఎనభై ప్రశ్నలు, మూడు గంటలు. ఫిజిక్సు నలభై ఐదు, కెమిస్ట్రీ నలభై ఐదు, మిగతా తొంభై బయాలజీ. సరైన జవాబుకు నాలుగు మార్కులు, తప్పుకు ఒకటి కోత, వదిలేస్తే సున్నా. మొత్తం ఏడువందల ఇరవై.

నాకు రెండు వందల ముప్పై వచ్చాయి.

అందులోనూ ఫిజిక్సు అరవై, కెమిస్ట్రీ ఎనభై. ఆ రెండింటికీ నేను ఆశ్చర్యపోలేదు. అవి మొదటినుంచీ నాతో మాటల్లేని చుట్టాలే. కానీ బయాలజీ! మూడువందల అరవైకి తొంభై! నా ప్రాణం, నా ధైర్యం, కళ్ళు మూసుకుని బొమ్మలు గీయగలిగిన నా బయాలజీ!

మార్కులతో పాటు కోచింగువాళ్ళు ఒక కాగితం కూడా ఇచ్చారు. ప్రతి ప్రశ్నకూ అసలు జవాబేమిటో, నేను ఏ గడి నింపానో పక్కపక్కన అచ్చువేసిన రెండు పేజీలు. దాన్ని చూసి, తప్పులు ఎందుకు జరిగాయో రాసుకుని రమ్మన్నారు. నేనేం చేశానో తెలుసా? నాలుగు మడతలు పెట్టి డిక్షనరీలో దాచేశాను. ఓడిపోయినవాళ్ళకు ఓటమి వివరాలెందుకండీ?

దానికి బదులు గోల్ బజార్‌కి వెళ్ళి చార్టు కాగితం కొన్నాను.

ఆ మధ్యాహ్నమంతా ఇంట్లో హాల్లో బోర్లా పడుకుని టైంటేబుల్ తిరగరాశాను. పాత టైంటేబుల్లో పొద్దున ఫిజిక్సు లెక్కలు, మధ్యాహ్నం కెమిస్ట్రీ, సాయంత్రం బయాలజీ ఉండేవి. కొత్తదానిలో బయాలజీకి తొమ్మిది గంటలు. కెమిస్ట్రీకి ముప్పావుగంట. ఫిజిక్సుకు అరగంట, అదీ భోజనం అయ్యాక, కళ్ళు మూతలు పడే వేళ. నా లెక్క చాలా స్పష్టం: ఫిజిక్సులో నూట ఎనభైకి అరవై, అంటే మూడోవంతు. బయాలజీలో నాలుగోవంతే. కాబట్టి నేను ఫిజిక్సులోనే తెలివైనదాన్ని! పుస్తకంలో ఏ లెక్కనూ ఇంత సరిగ్గా చేసిన రోజు నాకు గుర్తులేదు.

పళ్ళు తోమడానికి నాలుగు నిమిషాలు. స్నానానికి ఏడు. భోజనానికి పన్నెండు. బయాలజీ ఆకుపచ్చ, కెమిస్ట్రీ కాషాయం, ఫిజిక్సుకు ఎండిపోవస్తున్న నీలం పెన్ను. చివర అమ్మకు ఒక సూచన: "కుక్కర్ ఈల 8:10 నుంచి 8:22 మధ్యలో మాత్రమే."

అమ్మ చదివి, "అచ్ఛా, పప్పు ఉడక్కపోతే 8:22కి దించీయాలా?" అంది.

"ప్లాన్ చేసుకోవాలమ్మా."

నాన్న అప్పుడే డ్యూటీ దిగి వచ్చాడు. సంచీ కింద పెట్టి, చార్టు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పై నుంచి కింది దాకా చదివాడు.

"బాగుందమ్మా. ఇందులో ఖాళీ ఏదీ?"

"ఖాళీ ఎందుకు నాన్నా? ఒక్క నిమిషం కూడా వృథా కాకుండా రాశాను."

"అదే ఏటంటే... మా బళ్ళకి దారిలో నాలుగు నిమిషాలో, ఐదు నిమిషాలో ఎక్కువ పెట్టి ఉంచుతారు. ఎక్కడో ఆగిపోతే, ముందుకెళ్ళి ఆ టైము సర్దుకోడానికి. నువ్వేటి, అన్నీ అతికించీసావు. పొద్దున ఒకటి లేటైతే సాయంత్రం దాకా అన్నీ లేటేగా?"

"నేను గూడ్సు బండిని కాదు నాన్నా!"

"సరే, రాజధాని ఎక్స్‌ప్రెస్‌వి. పోనీ, పరీక్ష కాగితం ఏదీ? ఎక్కడ తప్పులు పోయాయో చూద్దాం."

"అన్నీ తప్పులే. చూడ్డానికేముంది?" అని చార్టును ఫ్యాను కింద ఆరబెట్టుకున్నాను.

మొదటిరోజే స్నానానికి తొమ్మిది నిమిషాలు పట్టింది. ఆ రెండు నిమిషాలు కణవిభజన నుంచి కోశాను. కుళాయి నీళ్ళు రాక మరో పావుగంట పోయింది. అది కెమిస్ట్రీ నుంచి. బుధవారం నాటికి సోమవారం చదవాల్సింది చదువుతున్నాను. శుక్రవారం నాటికి ఏ రోజుది చదువుతున్నానో తెలియలేదు. అప్పుడేం చేశాను? కూర్చుని టైంటేబుల్ని మళ్ళీ రాశాను. ప్రతి తిరగరాతలోనూ ముందుగా బలయ్యేది ఫిజిక్సే. రెండో వారానికి నీలం పెన్ను అవసరమే లేకుండా పోయింది.

చదివింది అప్పజెప్పడానికి మా మామ్మను, అంటే నాన్నగారి తల్లిని, ఎదురుగా కూర్చోబెట్టుకునేదాన్ని. ఆవిడ శ్రీకాకుళం నుంచి పెళ్ళై ఈ ఊరొచ్చి యాభై ఏళ్ళు దాటింది. నేను జీర్ణవ్యవస్థ చెబుతుంటే చిక్కుడుకాయలు ఒలుస్తూ వినేది.

"ఏటే గుంటా, ఈ క్లోమం నిన్న కూడా చెప్పీసినావు కదేటి?"

"మళ్ళీ చెప్పాలి మామ్మా. నాకు బయాలజీ రాదు."

"నీకు రాకపోవడమేటి? నాకే వచ్చీసింది!"

నిజంగానే వచ్చేసింది. పక్క క్వార్టర్ ఆవిడ కడుపునొప్పి అంటే "పైత్యరసం కాలేయంలో పుడతాది, పిత్తాశయంలో దాచుకుంటాది" అని మామ్మ చెబుతుంటే, ఆవిడ కడుపునొప్పి మరిచిపోయి నోరు తెరిచింది. ఇంత జరుగుతున్నా నాకు అనుమానం రాలేదు. వచ్చిన పాఠాన్నే మళ్ళీ మళ్ళీ నేర్చుకుంటున్నానని ఇంట్లో చిక్కుడుకాయలకు కూడా అర్థమై ఉంటుంది.

మూడు వారాలకు రెండో మాక్ టెస్టు. ఫలితం చూసి నేను కోచింగు మెట్ల మీదే కూర్చుండిపోయాను. బయాలజీ మూడువందల పదహారు! తొంభై నుంచి మూడువందల పదహారు! మొత్తం మూడువందల ఎనభై తొమ్మిది. ఫిజిక్సు ఇరవై ఒకటి, కెమిస్ట్రీ యాభై రెండు అని కింద ఎక్కడో ఉంది. పెళ్ళికూతురు మెరిసిపోతుంటే చాప చిరిగిందని ఎవరు చూస్తారండీ?

మర్నాడు బయాలజీ చెప్పే తివారీ మేడమ్ నన్ను క్లాసులో లేపారు. మేడమ్ మాట్లాడింది హిందీలోనే, మీకోసం తెలుగులో చెబుతున్నాను.

"మూడు వారాల్లో రెండువందల ఇరవై ఆరు మార్కులు పెరిగాయి. ఇలాంటిది నేనెప్పుడూ చూడలేదు. ముందుకొచ్చి ఎలా చదివావో అందరికీ చెప్పు."

వెళ్ళాను. చెప్పాను. ఫోన్లో టైంటేబుల్ ఫొటో కూడా చూపించాను. బలహీనమైన సబ్జెక్టుకు సమయమంతా ధారపోయాలన్నాను. కాలం విలువ గురించి, స్నానం విలువ గురించి మాట్లాడాను. ముందు బెంచీలో ఇద్దరు రాసుకున్నారు. వాళ్ళను దేవుడు చల్లగా చూడాలి.

"శభాష్," అన్నారు మేడమ్. "అయితే మొదటి టెస్టులో ఏ పాఠాలు రాలేదో, ఇప్పుడు ఏవి వచ్చాయో అందరం చూద్దాం." అని కంప్యూటర్లోంచి నా పాత జవాబుల కాగితం తీసి తెర మీద వేశారు. మడతపెట్టి దాచిన కాగితమే, ఇప్పుడు గోడంత పెద్దది.

తొంభై ఒకటి నుంచి నూట పదకొండు దాకా దాదాపు అన్నీ ఒప్పులు. నూట పన్నెండు నుంచి అంతా ఎరుపు. మేడమ్ కళ్ళద్దాలు సర్దుకున్నారు.

"నూట పదమూడుకు సరైన జవాబు ఎంత?"

"రెండు," అంది క్లాసు.

"ఈ అమ్మాయి నూట పన్నెండులో ఏం నింపింది?"

"రెండు."

"నూట పధ్నాలుగుకు?"

"నాలుగు."

"నూట పదమూడులో నింపింది?"

క్లాసు అప్పటికే నవ్వడానికి సిద్ధమవుతోంది.

అప్పుడు గుర్తొచ్చింది. నూట పన్నెండో ప్రశ్న తెలియక "తర్వాత చూద్దాం" అని వదిలేశాను. ప్రశ్నను వదిలేశాను గాని, గడిని వదల్లేదు. తర్వాతి ప్రశ్న జవాబును ఆ గడిలో నింపి, అక్కడినుంచి చివరిదాకా ఒక్కొక్క మెట్టు పైకి ఎక్కించేశాను. చివర నూట ఎనభయ్యో గడి ఖాళీగా మిగిలితే, "అరె, ఇదెలా మిగిలింది?" అనుకుని దాని నాలుగు సున్నాల్లో తోచినదాన్ని నల్లగా దిద్ది లేచాను!

మేడమ్ ఒక్కో వరుస కిందికి జరిపి లెక్కగట్టారు. "ఆ రోజు నీకు నిజంగా రావలసినవి మూడువందల ఆరు."

అంటే, రోజుకు తొమ్మిది గంటల చొప్పున ఇరవై ఒక్క రోజులు చదివి నేను సంపాదించింది పది మార్కులు. దానికోసం ఫిజిక్సులో ముప్పై తొమ్మిది, కెమిస్ట్రీలో ఇరవై ఎనిమిది పోగొట్టుకున్నాను.

"నీకు బయాలజీ రాదని ఎవరు చెప్పారు?"

"మార్కులు, మేడమ్."

"మార్కులు ఎన్ని పోయాయో చెబుతాయి. ఎందుకు పోయాయో చెప్పవు. అది ఈ కాగితంలోనే ఉంటుంది. ముందు కాగితం, తర్వాత టైంటేబుల్."

ముందు బెంచీలో ఇద్దరూ రాసుకున్నది కొట్టేసుకున్నారు.

ఇంటికొచ్చి ఏడ్చాను. మామ్మ మంచినీళ్ళిచ్చింది. సంగతి విని నాన్న నవ్వలేదు. అంటే నా ఎదురుగా నవ్వలేదు. పెరట్లోకి వెళ్ళి చాలాసేపు దగ్గాడు.

ఆ తర్వాత ఇద్దరం కూర్చున్నాం. పోయిన ప్రతి మార్కుకూ కారణం రాశాం: తెలియనివి, తెలిసీ పొరపాటు చేసినవి, ఊరికే గుడ్డిగా నింపినవి. ఫిజిక్సులో మొదటి టెస్టు నాటి పన్నెండు తప్పుల్లో ఏడింటికి సూత్రం తెలుసు, లెక్క దగ్గరే జారాను. అంటే కావలసింది పాఠం కాదు, గడియారం పెట్టుకుని లెక్కలు చేయడం. తల తేటగా ఉండే పొద్దుటి పూట ఫిజిక్సుకు ఇచ్చాం. బయాలజీకి రోజూ గంటన్నర, మరిచిపోకుండా తిరగేయడానికి. ఆదివారం, అసలు పరీక్ష వేళకే, రెండింటినుంచి ఐదింటిదాకా మాక్ టెస్టు. సోమవారం పొద్దున కొత్త పాఠం ముట్టకుండా తప్పులు చూసుకోవడమే. జవాబులు నింపేటప్పుడు పేజీ మారినప్పుడల్లా ప్రశ్న నంబరూ గడి నంబరూ సరిపోయాయో లేదో చూడటం.

"రోజూ సాయంత్రం ఒక గంట ఖాళీ వదిలీ," అన్నాడు నాన్న.

"ఏం రాయాలి అందులో?"

"ఏటీ రాయొద్దు."

అదే నాకు అన్నిటికన్నా కష్టమైంది.

అసలు పరీక్షలో వచ్చిన మార్కులు ఎంబీబీఎస్‌కి చాలలేదు. డెంటల్‌లో సీటు వచ్చింది. రోజంతా జనం నోళ్ళు తెరిపించి చూస్తున్నాను, సుఖంగానే ఉన్నాను.

చదువరులారా, ఇందుమూలంగా సమస్తజనులకూ తెలియజేయునదేమనగా: ఫలితం చూసిన రోజున నేనిక జన్మలో టైంటేబుల్ రాయను. తప్పుల కాగితం మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా చదివిన తర్వాతే స్కేలు ముట్టుకుంటాను. ఈ ప్రతిజ్ఞ కింద నల్ల సిరాతో, గుండ్రంగా, ఏ నంబరు దగ్గర నింపాలో రెండుసార్లు చూసుకుని మరీ సంతకం చేస్తున్నాను.