ఆమె కుర్చీకి ప్రకటన

మెట్టుగూడలో మాది చిన్న లిఫ్టుల సర్వీసు కంపెనీ. కంపెనీ అంటే ఒక గది, నలుగురు మెకానిక్కులు, నేను, నా భార్య. లిఫ్టులు బాగుచేసేది మేమైనా ఆఫీసును నడిపేది ఆమే. ఫోన్లు ఎత్తడం, ఏ మెకానిక్‌ని ఎటు పంపాలో చూడడం, కాంట్రాక్టులు రెన్యువల్ చేయించడం అన్నీ ఆమె పనులే. ఎవరైనా లిఫ్టులో ఇరుక్కుని ఫోన్ చేస్తే, మెకానిక్ చేరేదాకా వాళ్లతో మాట్లాడుతూనే ఉండేది. తలుపులు బలవంతంగా తెరవొద్దని, వాటికి దూరంగా నిలబడమని చెప్పి, ఆ తర్వాత ఇంట్లో ఏం వండుకున్నారని అడిగేది.

తగ్గిందనుకున్న ఆమె జబ్బు పోయినేడు తిరగబెట్టింది. ఈసారి డాక్టరు మాతో మాట్లాడిన తీరు వేరు. వైద్యం నొప్పి తగ్గించడానికే తప్ప నయం చేయడానికి కాదని నెమ్మదిగా చెప్పాడు. బయటికి వచ్చాక ఆటోలో ఆమె అన్న మొదటి మాట, ఆఫీసుకు మనిషిని చూడమని. నాకు ఒళ్లు మండింది. ముందు నీ సంగతి చూసుకో అని కసిరాను.

చివరికి ప్రకటన నేనే రాశాను. ఎక్కడో చూసిందే దించాను. చురుకైన, ఒత్తిడిలోనూ చిరునవ్వుతో పనిచేయగల అభ్యర్థులు కావాలి, ఆకర్షణీయమైన జీతం, కుటుంబం లాంటి వాతావరణం. ఉద్యోగాల యాప్‌లోనూ, కాలనీ వాట్సాప్ గ్రూపుల్లోనూ పెట్టాను. దరఖాస్తులు కుప్పలు తెప్పలుగా వచ్చాయి. వచ్చినవాళ్లలో ఇంజినీరింగ్ చదివిన కుర్రాళ్లే ఎక్కువ. ఒకతను గదంతా కలియజూసి, మెయిన్ ఆఫీసు ఎక్కడని అడిగాడు. ఇదే అన్నాను. మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు.

అదంతా విని ఆమె పడీపడీ నవ్వింది. మంచం మీద దిండుకి ఆనుకుని ప్రకటనను మళ్లీ రాయించింది. పనేమిటో రోజు ఎలా గడుస్తుందో అలాగే రాయాలంది. ఫోన్లో తిట్టేవాళ్లుంటారని, శనివారం కూడా పని ఉంటుందని, ఆదివారం సెలవని చెప్పింది. జీతం అంకె వేయించింది. తెలుగు, హిందీ మాట్లాడడం తప్పనిసరి, లిఫ్టుల గురించి తెలియకపోయినా మేం నేర్పిస్తాం, డిగ్రీ అక్కర్లేదు అని రాయించింది. కుటుంబం లాంటి వాతావరణాన్ని కొట్టేయించింది. ఇంట్లోవాళ్లలా చూస్తామంటే జీతం టైముకి రాదేమోనని భయపడతారట.

ఈసారి ఫోన్లు తక్కువే వచ్చినా, చేసినవాళ్లంతా పని తెలిసినవాళ్లు. కానీ ఒక్కరూ రాలేదు. మల్కాజ్‌గిరి నుంచి ఒకావిడ, ఏదో ఆసుపత్రి రిసెప్షన్‌లో చేస్తోందట, అన్నీ నచ్చాయని చెప్పి చివర్లో అడిగింది.

"ఆరు నెలలకే అని పెట్టిన్రు గద సార్. ఆ తర్వాత నేనేం జెయ్యాలె? ఉన్న నౌకరి ఇడిచిపెట్టి ఎట్ల వస్త?"

మళ్లీ చేస్తానని చెప్పి ఫోన్ పెట్టేశాను. ఆ 'తాత్కాలికం, ఆరు నెలలు' అన్నది నా భార్య చెప్పింది కాదు. ప్రకటన పెట్టేముందు నేనే చేర్చాను. ఆ మాట లేకుండా పెట్టడానికి నాకు చేతులు రాలేదు.

ఆమె మంచం పక్కనే కూర్చుని మాట్లాడాను కాబట్టి నా భార్య అంతా విన్నది. కోప్పడితే బాగుండేది. నా చేయి పట్టుకుంది.

"ఆరు నెలలైనంక నేనొచ్చి కూసుంట అనుకున్నరా? రాను. మీకు సుత ఎర్కనే. ఆమెకు పక్కా నౌకరి అని చెప్పున్రి."

నేను ఏడ్చాను. ఆసుపత్రిలో కూడా అంతగా ఏడవలేదు. ఆ తర్వాత ప్రకటనలో ఆ మాట తీసేసి, పర్మనెంట్ అని పెట్టాను. మల్కాజ్‌గిరి ఆవిడకి ఫోన్ చేసి, పొరపాటు నాదేనని, ఉద్యోగం పక్కా అని చెప్పాను.

ఆవిడ వచ్చిన రోజు నా భార్య తలకు స్కార్ఫ్ కట్టుకుని, వద్దన్నా వినకుండా ఆఫీసుకొచ్చి తన కుర్చీలో కూర్చుంది. జీతం, వేళలు, సెలవులు అన్నీ మాట్లాడుకున్నాక, ఆవిడ ఎవరైనా అడిగే ప్రశ్నే అడిగింది. ఇంతకుముందు ఈ పని చేసినవాళ్లు ఎందుకు మానేశారని.

నేను కిటికీ వైపు చూశాను. నా భార్య టేబుల్ పట్టుకుని మెల్లగా లేచి, కుర్చీని ఆవిడ వైపు జరిపింది.

"ఇంకా మానలేదమ్మా. నీకు నేర్పినంక మానేస్త. కూసో."

టీ చెప్పి వస్తానని బయటికి వచ్చాను. మెట్ల మీద కూర్చుండిపోయాను. లోపల ఫోన్ మోగింది. ఎత్తి పలికిన గొంతు మాత్రం నా భార్యది కాదు.