సామ్యూల్ ఊదని పెండ్లి

తిమ్మాజిపేట చుట్టుపక్కల ఊళ్లల్లో పెండ్లికొడుకు బయల్దేరాడని మొదట తెలిసేది సామ్యూల్ ట్రంపెట్ వల్లనే. ఈరన్న బ్యాండ్ మేళంలో వరుస మొదట్లో అతనే నిలబడతాడు. పాటలో గొంతు పైకి లేచే చోట మిగతావాళ్లు ఆగిపోతే, అతనొక్కడే ఊదుతాడు. ఊదే ముందు కళ్లు మూసుకుని ప్రభువును తలుచుకుంటాడు. ఊదాక జనం ముఖాల వైపు చూస్తాడు. మొదటి అలవాటు భక్తి, రెండోది ఏమిటో అతని భార్య హెప్సిబాకు బాగా తెలుసు.

అలాంటి మనిషికి సరిగ్గా పెండ్లిళ్ల కాలంలో కింది దవడ పన్ను పుచ్చింది. లవంగం పెట్టాడు, తంబాకు పెట్టాడు, చర్చిలో ప్రార్థన చేయించాడు. లవంగం, తంబాకు పని చేయలేదు. ప్రార్థన మాత్రం పని చేసిందని హెప్సిబా అంటుంది. ఎందుకంటే ఆ తర్వాతే ఆయన నాగర్‌కర్నూల్‌కు పోయి పన్ను తీయించుకోవడానికి ఒప్పుకున్నాడు.

డాక్టర్ సుహాసిని పన్ను తీసి, గుంట మీద దూది గుడ్డ పెట్టి గట్టిగా కరిచిపెట్టుకోమంది.

"ఈ పూట పుక్కిలించొద్దు, ఉమ్మొద్దు. నోట్ల ఊరింది మింగుండ్రి. వేడి చాయి, కారం, రొట్టె వద్దు. సల్లటి మెత్తటి తిండి, అది గూడ అవతలి పక్క నమలాలె. స్ట్రా పెట్టి పీల్చొద్దు. బీడీ, తంబాకు అసలే వద్దు. బరువులు లేపొద్దు. ఇంతకూ ఏం పని చేస్తరు?"

సామ్యూల్ గుడ్డ కరిచిపెట్టుకునే, చేతులు నోటి ముందు పెట్టి వేళ్లు ఆడించి చూపాడు.

"ట్రంపెటా!" అని ఆమె కుర్చీ దగ్గరకు జరుపుకుంది. "అయితే ఇది బాగ ఇనుండ్రి. గుంటల రక్తం గడ్డకడ్తది. పుండుకు అదే మూత. ఊదినా, పీల్చినా, గట్టిగ పుక్కిలించినా ఆ మూత లేచిపోతది. లేచిందంటే లోపలి ఎముక బయటపడి చెవి దాంక గుంజుతది. వారంల మానేది ఇంకెన్ని దినాలు పడ్తదో చెప్పలేం. వారం దాంక ట్రంపెట్ ముట్టొద్దు. మళ్ల నేను చూసినంకనే ఊదుడు."

మూడో రోజు ఈరన్న మేళం ఒప్పుకున్న చంద్రశేఖర్ సారు బిడ్డ పెండ్లి ఉంది. బస్సులో సామ్యూల్ ముఖం వేలాడేసుకుని కూర్చున్నాడు. పన్ను పోయినందుకు కాదు. తను లేకపోయినా మేళం నడిచిపోతే ఎట్లా అన్నది అతని బాధ.

ఇంటికొచ్చి గుడ్డ తీయగానే నోట్లో ఉప్పగా తగిలింది. ట్రంపెట్ దించగానే నోరు కడిగి ఉమ్మడం అతని ఇరవై ఏళ్ల అలవాటు. ఆ లెక్కనే అరుగు దగ్గరకు పోయి రెండుసార్లు ఉమ్మాడు. ఆగిన రక్తం మళ్లీ మొదలైంది.

"ఏమయ్యా, మేడం ఏమన్నది? నువ్వేం చేస్తున్నవ్?" అంటూ హెప్సిబా పరుగెత్తుకొచ్చింది. డాక్టర్ ఇచ్చిన శుభ్రమైన గుడ్డను తడిపి, మడిచి గుంట మీద పెట్టి, "కరువు. నేను చెప్పేదాంక నోరు తెరవకు" అంది. ఇన్నేళ్ల కాపురంలో ఆమెకు అలాంటి అవకాశం మొదటిసారి దొరికింది. దాన్ని దుర్వినియోగం చేయకుండా, కిరాణా కొట్టు నుంచి ఐసుగడ్డ తెచ్చి, తువ్వాలలో చుట్టి బయట బుగ్గకు ఆనించింది. రక్తం ఆగింది.

మర్నాడు ఆమె గోరువెచ్చని నీళ్లలో ఉప్పు కలిపిచ్చింది. "నోట్ల పోసుకొని తల అటు ఇటు వంచు. నీళ్లు వాటంతటవే కింద పడాలె. ఉమ్మినవంటే మళ్ల మొదటికొస్తది." తిన్నప్పుడల్లా అదే. తిండి అంటే పెరుగన్నం, చల్లారిన రాగి అంబలి. పక్కింటి తిరుపతమ్మ జాలిపడి కరకరలాడే సర్వపిండి చేసి తెచ్చింది. ఆమె మనసు నొచ్చుకోవద్దని సామ్యూల్ చేయి చాచాడు. ఆమె మనసు ఎంత నొచ్చుకున్నా ఫరవాలేదని హెప్సిబా దాన్ని లోపల పెట్టింది.

సాయంత్రానికి బుగ్గ ఉబ్బింది. అదే సమయానికి ఈరన్న వచ్చాడు.

"అన్నా, చంద్రశేఖర్ సారు బ్యాండంటె సామ్యూలే అంటుండు. నువ్వు వరుసల నిలవడు, చాలు. నీ వెనకనుంచి శ్రీనాథ్ ఊదుతడు."

"ఊదకుండ నిలబడుడా? ఆల్లు గుర్తుపట్టరా?"

"బుగ్గలు ఉబ్బించు."

"ఉబ్బించుడు గూడ ఊదుడే" అని లోపల నుంచి హెప్సిబా అంది. తర్వాత బయటకు వచ్చి భర్త ముఖం చూసి నవ్వింది. "అయినా ఉబ్బియ్యాల్సిన పనేముంది? దేవుడే ఉబ్బిచ్చిండు."

పెండ్లినాడు సామ్యూల్ వరుస మొదట్లో నిలబడ్డాడు. ట్రంపెట్ పెదవుల ముందు పెట్టుకున్నాడు, ఆనించలేదు. వేళ్లు ఆడించాడు. శ్రీనాథ్ ఎన్నో ఏళ్లుగా అతని వెనకే నిలబడి, అతను ఆగిన చోట మొదలుపెట్టే మనిషి. ఇవాళ అతనికి ఆగాల్సిన పని లేదు.

పెండ్లింటి ముందు పెండ్లికొడుకు కారు దిగుతుంటే సామ్యూల్ ఒంటరిగా ఊదే చోటు వచ్చింది. "సామ్యూలన్నా, లేపు!" అని కుర్రకారు అరిచింది. రొమ్ము నిండా గాలి వచ్చింది. పెదవి లోహానికి తగిలింది. ఒక్క ఊపిరి, అంతే. అతని నాలుక గుంట వైపు పోబోయి ఆగింది. చెవి దాకా గుంజుతుందన్న మాట గుర్తొచ్చింది. రాబోయే పెండ్లిళ్లన్నీ కళ్లముందు కదిలాయి. పట్టిన గాలిని ముక్కుతో మెల్లగా వదిలేశాడు. వెనక నుంచి శ్రీనాథ్ ఆ స్వరాన్ని అందుకుని, ఎప్పుడూ సామ్యూల్ పోనంత ఎత్తుకు తీసుకుపోయాడు.

చంద్రశేఖర్ కళ్లు తుడుచుకుంటూ వచ్చాడు. "ఏం ఊదినవ్ సామ్యూల్! ఇన్నేళ్లల్ల గిట్ల ఎన్నడు ఊదలేదు!" అని శాలువా కప్పాడు.

సామ్యూల్‌కు శాలువా బరువనిపించింది. తను ప్రాణం పెట్టి ఊదిన పెండ్లిళ్లలో ఎవరూ శాలువా కప్పలేదు. అబద్ధపు శాలువా వేసుకుని ఆదివారం చర్చిలో ఎట్లా కూర్చోవాలి? దాన్ని తీసి శ్రీనాథ్ భుజాల మీద వేశాడు. "ఊదింది ఈయన సారూ, నేను కాదు" అని ఉబ్బిన నోటితోనే అన్నాడు.

"చూసిండ్రా వినయం!" అని చంద్రశేఖర్ జనం వైపు తిరిగాడు. "ఇంకోడైతే ఇంటికి తీస్కపోతుండె!" చప్పట్లు రెట్టింపయ్యాయి. చెప్పిన నిజం ఎవరికీ ఎక్కలేదు. శ్రీనాథ్ మాత్రం శాలువా కొసను వేళ్ల మధ్య నలుపుతూ, "అన్నా, జర నొప్పి తగ్గిందా?" అని అడిగాడు.

భోజనాల దగ్గర బగారన్నం, మాంసం, స్ట్రా వేసిన కూల్‌డ్రింకు సామ్యూల్ ముందు పెట్టారు. తినకపోతే ఇంటివాళ్లు నొచ్చుకుంటారు, తింటే డాక్టర్ చెప్పింది చెడిపోతుంది. అతను ఆకు ముందు దిగులుగా కూర్చుంటే, పెండ్లికూతురు నాయనమ్మ నాగేంద్రమ్మ కర్ర ఆనించుకుంటూ వచ్చింది. ఆమె నోట్లో ఒక్క పన్ను కూడా లేదు.

"పన్ను తీసిచ్చుకున్నవా బిడ్డా? నాకు తెలుస్తది. నా ముప్పై రెండు గట్లనే పోయినయ్." మాంసం ఆకు తీయించి, తన కోసం మెత్తగా పిసికిపెట్టుకున్న చల్లటి పెరుగన్నంలో సగం అతనికి పెట్టింది. "నువ్వు ఊదలేదని గూడ తెలుసు. కళ్లు మూసుకొని తలుచుకుంటవ్ గద ఊదేముందు. ఇయ్యాల మూసుకోలే."

ఎనిమిదో రోజు డాక్టర్ సుహాసిని టార్చి వేసి చూసింది. మూత చెక్కుచెదరలేదు. గుంట చుట్టూ చిగుళ్లు దగ్గరకొస్తున్నాయి. ఇవాళ కొద్దిసేపే ఊదాలని, నొప్పి లేస్తే ఆపాలని చెప్పింది.

సామ్యూల్ పెరట్లో నిలబడి ట్రంపెట్ అందుకున్నాడు. కళ్లు మూసుకుని చాలాసేపు తలుచుకున్నాడు. ఒక్క స్వరం మెల్లగా ఊది దించాడు. ఈసారి ఎవరి ముఖమూ చూడలేదు. పెరట్లో హెప్సిబా, రెండు కోళ్లు తప్ప చూడడానికి ఎవరూ లేరన్నది కూడా నిజమే.