అవుటైనవాడి మీద పందెం

స్వోర్డ్స్ అనే ఊళ్లోని మా అద్దె ఇంట్లో, పందేల యాప్ ఖాతాలో మిగిలిన ఇరవై యూరోలు పట్టుకుని ఫోన్‌లో మ్యాచ్ చూస్తున్నాను. ఉన్నట్టుండి యాప్‌లో పందేలు ఆపేశారు. మళ్లీ తెరిచేసరికి మా జట్టు ధర, అంటే అది గెలిస్తే యూరోకు వచ్చే డబ్బు, దాదాపు రెట్టింపైంది. నా తెర మీద మా కెప్టెన్ ఇంకా క్రీజులోనే ఉన్నాడు. వీళ్లకు మతిపోయిందనుకుని ఉన్నదంతా పెట్టేశాను. యాప్ కాసేపు తిరిగి తిరిగి పందెం ఒప్పుకుంది.

మాతోపాటే అద్దెకుండే నర్సు అక్క, హాల్లో టీవీ చూస్తున్నదల్లా వచ్చి, "మీ కెప్టెన్ అవుట్ రా," అంది.

"ఏ లోకంలో ఉన్నావక్కా? ఇదిగో, ఆడుతున్నాడు."

"నీ ఫోన్‌లో ఆడుతున్నాడేమో. అక్కడ ప్యాడ్లు కూడా విప్పేసుంటాడు."

పందేల కంపెనీకి మైదానం నుంచి వేడివేడి కబురు, ఆలస్యంగా వచ్చే ఫోన్ బొమ్మ చూసే నాకు చద్దన్నం. వికెట్ పోయింది కాబట్టే పందేలు ఆపి, ధర మార్చారు. పెట్టిన పందెం వెనక్కి రాదు. అవుటైనవాడు నా ఫోన్‌లో నింపాదిగా గ్లౌజులు సర్దుకుంటుంటే, వాడు అవుటయ్యే బంతి కోసం పళ్లు నూరుతూ కూర్చున్నాను.