ఒక్క బాణమూ కలవని జవాబు

నిజామాబాద్‌లో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో సుకన్య పదకొండేళ్లుగా డేటాబేస్ పాఠం చెబుతోంది. బోధన్‌లో బస్సెక్కిందంటే టౌను వచ్చేలోగా పది పేపర్లు దిద్దేయాల్సిందే. ఒడిలో జవాబుల కాగితం, చేతిలో ఎర్ర పెన్ను. కలిస్తే టిక్కు, కలవకపోతే సున్నా.

తన క్లాసులోని ప్రిస్కిల్లాకు సున్నా పడిందీ అట్లాగే. విద్యార్థికుండే మూడు నంబర్లలో ఏది తెలిస్తే ఏది తేలుతుందో, ఆ ఫంక్షనల్ డిపెండెన్సీలు బాణాలతో రాయమన్నది ప్రశ్న. సుకన్య జవాబు: రోల్→హాల్‌టికెట్, హాల్‌టికెట్→ఆధార్, ఆధార్→రోల్. పిల్ల రాసింది: రోల్→ఆధార్, ఆధార్→హాల్‌టికెట్, హాల్‌టికెట్→రోల్. ఒక్క బాణమూ కలవలేదు.

"మేడం, రెండూ ఒకటే గద?" అంది ప్రిస్కిల్లా క్లాసులో లేచి.

"ఉల్టా రాసి ఒకటే అంటవా? కూసో!"

క్లాసంతా నవ్వింది. ఆ ప్రశ్నకున్న ఐదు మార్కులూ పోవడంతోనే పిల్ల ఇంటర్నల్ పరీక్ష తప్పింది.

నాలుగో రోజు బస్సులో ప్రిస్కిల్లా తల్లి రూతమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"మేడం, మా పిల్ల మూడొద్దుల సంది ఇంట్లనే ఉంటుంది. నాకు దిమాక్ లేదు, సదువు బంద్ జేస్త అంటుంది. నిజంగనే లేదా దానికి?"

సుకన్య సంచీలోంచి ఆ పేపరు తీసింది. క్లోజర్ కట్టి, అంటే ఒక్కో నంబరు నుంచి బాణాల వెంట పోతే ఏమేం తేలుతాయో చూడందే రెండు జాబితాలు వేరని చెప్పొద్దని పిల్లలకు చెప్పింది తనే కదా!

పిల్ల రాసిన బాణాల మీద సుకన్య రోల్‌తో బయలుదేరింది: రోల్ నుంచి ఆధార్, ఆధార్ నుంచి హాల్‌టికెట్. మూడూ వచ్చేశాయి. అంటే తన రోల్→హాల్‌టికెట్ ఇందులో ఉన్నట్టే. హాల్‌టికెట్‌తో మొదలుపెడితే రోల్, ఆపైన ఆధార్. ఆధార్‌తో మొదలుపెడితే హాల్‌టికెట్, ఆపైన రోల్. తన మూడు బాణాలూ దొరికాయి. ఒకవైపు చూస్తే చాలదు. తన బాణాల మీద కూడా అట్లాగే నడిచింది. ఎక్కడ మొదలుపెట్టినా మళ్లీ మూడూ వచ్చాయి, పిల్ల బాణాలన్నీ అందులో తేలాయి. రెండు జాబితాలూ సమానమే.

సుకన్య పేపరు మడిచి రూతమ్మ వైపు తిరిగింది.

"నీ బిడ్డ రాసింది రైటే అక్కా. తప్పు నాది."

రూతమ్మ తల అడ్డంగా ఊపింది. "గా మాట నాకెందుకు మేడం? నవ్వినోళ్ల ముంగట చెప్పుర్రి. రేపు తోలుకొస్త."

మర్నాడు సుకన్య రెండు జాబితాలూ బోర్డు మీద రాసి, చాక్‌పీసు ప్రిస్కిల్లా చేతికిచ్చింది. "నువ్వే చూపెట్టు బిడ్డా. నేను చూడకుండ సున్నా వేసిన." పిల్ల ఒక్కో బాణం వెంట నడిచి చూపెడుతుంటే ఈసారి ఎవరూ నవ్వలేదు. మార్కుల జాబితాలో సుకన్య సున్నా కొట్టేసి ఐదు వేసింది.

ఆ సాయంత్రం బస్సులో ఎర్ర పెన్ను సంచీలోనే ఉండిపోయింది. పదకొండేళ్లలో ఇట్లా ఎన్ని సున్నాలు వేసిందో, అడగకుండానే కూర్చున్న పిల్లలు ఎందరో. ఆ పేపర్లు ఇప్పుడెక్కడ దొరుకుతాయి?