నిలబడ్డ నీరు, పరుగెత్తిన నీరు

ఏలూరు మునిసిపాలిటీ నీళ్ళ ట్యాంకు కట్టిన నాటి నుంచి దాని ఫిట్టరు మొహిద్దీనే. పందొమ్మిది వందల ముప్పైల మధ్యనాటికి ఊళ్ళో ఏ కుళాయి ఎక్కడ మూలుగుతుందో అతనికి కంఠతా వచ్చు. ట్యాంకు గొప్ప తన గొప్పే అన్నట్టుండేవాడు. ఎవరైనా నీళ్ళు సన్నగా వస్తున్నాయంటే, తన కూతురికి వంక పెట్టినట్టు మొహం ముడుచుకునేవాడు.

ఆ ఏడు వేసవిలో, ఊరి చివర కొత్తగా పెట్టిన గోనెసంచుల మిల్లుకి మద్రాసు బీమా కంపెనీ నుంచి అచ్యుతరావనే ఇనస్పెక్టరు వచ్చాడు. మిల్లంతా జనపనార. నిప్పురవ్వ పడితే ఆర్పడానికి ఎన్ని నీళ్ళు దొరుకుతాయో తెలియందే బీమా రాయనన్నాడు. మిల్లు వాడకానికి సొంత బావి ఉంది. నిప్పు సమయానికి మాత్రం మునిసిపాలిటీ గొట్టమే దిక్కు. ఆ గొట్టం మీద మిల్లు ముందర నిప్పార్పేందుకు గొట్టం తగిలించే పెద్ద కుళాయిలు, హైడ్రాంట్లు, రెండున్నాయి. పరీక్షకి తోడుగా మొహిద్దీన్‌ని పంపారు.

ముందుగా తుప్పునీరు పోయేదాకా కాస్త వదిలి, మొదటి హైడ్రాంటు మూతికి అచ్యుతరావు నీటి ఒత్తిడి చూపే గేజి బిగించాడు. మొహిద్దీన్ నెమ్మదిగా తెరిచాడు. ముల్లు ముప్పై పౌన్ల దగ్గర నిలిచింది.

మిల్లు మేనేజరు వెంకట్రాజు తృప్తిగా తలాడించాడు. మొహిద్దీన్ ఛాతీ రెండంగుళాలు పెరిగింది. ఈ నీళ్ళతో మీ పొగగొట్టం కూడా కడిగేయొచ్చని మేనేజరుకి హామీ ఇచ్చేశాడు.

"నిలబడ్డ నీరు ఏవైనా చెబుతుందండీ," అన్నాడు అచ్యుతరావు. "పరుగెత్తినప్పుడు ఏవంటుందో చూద్దాం. మీరు రెండోది తెరవండి. నేను ఈ గేజి చూస్తూ ఉంటాను."

మొహిద్దీన్ రెండో హైడ్రాంటు పూర్తిగా తిప్పాడు. నీళ్ళు ముందు ఒక్క ఉదుటున వచ్చి, తర్వాత నీరసంగా వంగి, రోడ్డు మీద పడ్డాయి. అదే సమయానికి కైకలూరు నుంచి జగ్గారావు చేపల బండి వచ్చింది. గంపలో సొమ్మసిల్లిన కొరమీలకి నీళ్ళు తగిలి ప్రాణం లేచొచ్చింది. నాలుగు కిందికి దూకి మిల్లు గేటు వైపు నడక సాగించాయి. జగ్గారావు వాటి వెనక, మిల్లు కూలీలు జగ్గారావు వెనక పరుగెత్తారు.

మొహిద్దీన్ మాత్రం నవ్వలేదు. మొదటి గేజి ముల్లు మూడు పౌన్లకి జారిపోయింది. అచ్యుతరావు మొన వంగిన సన్నటి గొట్టాన్ని ధార నడిమధ్యన పెట్టి చూశాడు. ఆ గొట్టానికున్న గేజిని బట్టి నిమిషానికి ఎంత నీరు పారుతోందో లెక్క కట్టొచ్చు. దాని ముల్లు కదలడానికి కూడా బద్ధకించింది.

గొట్టంలో తుప్పు పేరుకుందేమోనని మేనేజరు అనుమానం. అలా అయ్యుండొచ్చని మొహిద్దీన్ గొణిగాడు. కానీ అంతలోనే అతనికి భార్య జుబేదా గుర్తొచ్చింది. రెండు నెలల క్రితం ఆవిడ, వీధి కుళాయి నీళ్ళు దూకుడుగా పడి బిందె బోర్లా పడుతోందనీ, చీరంతా తడిసి ఇరుగుపొరుగు నవ్వుతున్నారనీ పోరింది. పోరు పడలేక అతను ఆ వీధి మొగన ఉన్న పెద్ద వాల్వుని ఇంకో రెండు చుట్లు తిప్పితే పూర్తిగా మూసుకునేంత దాకా బిగించేశాడు. ఇంట్లో శాంతి నెలకొంది. మిల్లుకి పోయే గొట్టం కూడా అదేనన్న సంగతి అతనికి తట్టలేదు.

చెప్పకపోతే నింద తుప్పు మీదికి పోతుంది. మునిసిపాలిటీ గొట్టం తవ్విస్తుంది. చెబితే పరువు పోతుంది. జగ్గారావు చివరి కొరమీనుని ఒడిలో పట్టుకుని వచ్చేదాకా ఆలోచించి, గొంతు సవరించుకున్నాడు.

"అయ్యా, వాల్వు నేనే బిగించేశానండీ. మా ఆవిడ చీర తడుస్తోందని."

మేనేజరు నోరు తెరిచాడు. అచ్యుతరావు మాత్రం నవ్వు కనబడకుండా వంగి గేజి తుడిచాడు. "వాల్వు ఎంత బిగించినా, కాస్త సందుంటే చాలు, నిలబడ్డ నీటికి తెలియదు," అన్నాడు. "మా ఇంట్లో కూడా అంతేనండీ. కదిలితేనే తెలుస్తుంది."

రెండో హైడ్రాంటుని నెమ్మదిగా మూశారు, ఒక్కసారి మూస్తే గొట్టం పగులుతుంది గనక. మొహిద్దీన్ వెళ్ళి వాల్వు పూర్తిగా తెరిచి వచ్చాడు. రెండోది మళ్ళీ తెరిచి చూస్తే మొదటి ముల్లు ముప్పై నుంచి ఇరవై రెండుకి దిగి, అక్కడ గట్టిగా నిలబడింది. ధార రోడ్డు దాటి పడింది. అచ్యుతరావు లెక్క వేసి, మునిసిపాలిటీ నుంచి ఇంత వరకు నమ్ముకోవచ్చనీ, మిగతాదానికి మిల్లు సొంత ట్యాంకూ పంపూ పెట్టుకోవాలనీ తేల్చాడు. పొగగొట్టం కడిగే ఊసు ఎవరూ ఎత్తలేదు.

సాయంత్రం ఇంటికి వెళ్ళిన మొహిద్దీన్‌కి జుబేదా చీరకొంగు పిండుతూ ఎదురైంది.

"ఏవండీ, మళ్ళీ వదిలేశారా?"

అతను వీధి కుళాయి దగ్గరికెళ్ళి, దాని చిన్న గొట్టానికి విడిగా ఒక వాల్వు బిగించాడు. ఆ పని మొదటే చేయాల్సిందని ఆవిడ అంది. నిజమేనని ఒప్పుకున్నాడు.

మర్నాటికల్లా చీర కథ ఊరంతా పాకింది. ఆఫీసులో కొన్నాళ్ళు నవ్వుకున్నారు, ఓవర్సీయరు ఒక రోజు చివాట్లు పెట్టాడు. అచ్యుతరావుకి మాత్రం అతని మీద గురి కుదిరింది. తర్వాత తాడేపల్లిగూడెంలో బియ్యం మిల్లుల పరీక్షలకి వెళ్ళినప్పుడల్లా మొహిద్దీన్‌నే అడిగి పిలిపించుకునేవాడు. అక్కడ హైడ్రాంటు తెరిచే ముందు మొహిద్దీన్ వాల్వులన్నీ స్వయంగా తిప్పి చూసుకుని, మిల్లు యజమానులతో నెమ్మదిగా అనేవాడు: "ముందు పారనివ్వండయ్యా. తర్వాత మాట్లాడుకుందాం."