హాట్‌స్పాట్‌లో బాగానే పోయింది

నాకు కోపం ముందు, ఆలోచన తర్వాత. మా ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే. ఆఫీసులో మాత్రం దాన్ని చురుకుదనం అనేవాళ్లు, నేనూ నమ్మాను.

నేను ఒక పత్తి విత్తనాల కంపెనీలో కంప్యూటర్లు చూసుకునేవాణ్ని. ఉండేది వనపర్తిలో. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడు చోట్లా మా ఆఫీసులుండేవి, మూడింటికీ నేనొక్కణ్నే. బస్సులోనే సగం బతుకు. రైతులు తెచ్చిన విత్తనం లాట్ల బరువు, తేమ ఆపరేటర్ కంప్యూటర్‌లో కొట్టి హెడ్డాఫీసు సర్వర్‌కి పంపాలి. అది చేరితేనే ఆ లాటు పరీక్షకు పోతుంది. చేరకపోతే రైతు మూటల పక్కనే కూర్చుంటాడు.

గద్వాల ఆఫీసులో ఆ పని ఒకామె చేసేది. ఊళ్లో అందరూ ఏటా మేస్త్రీల వెంట పుణె పోయి బిల్డింగు పని చేసే కుటుంబం ఆమెది. ఆ ఇంట్లో ఇంటర్ చదివింది ఆమె ఒక్కతే. "ఈ కొలువు ఉన్నన్ని దినాలు బిడ్డ బడికి పోతది సార్, ఇది పోతే మేమందరం పుణెకే" అని మొదటి రోజే చెప్పింది. ఆ మాట నేను మరచిపోలేదు. మరచిపోయుంటే కొంచెం నయంగా ఉండేది.

ఆ సీజన్‌లో పంపే ప్రోగ్రామును నేను కొత్త వెర్షన్‌కి మార్చాను. వనపర్తిలో బ్రహ్మాండం, నాగర్‌కర్నూల్‌లో బ్రహ్మాండం. గద్వాలలో మాత్రం ఒక్క లాటూ పోలేదు. "పంపలేకపోయాం" అని ఒకే ముక్క వచ్చేది. కానీ అదే కంప్యూటర్‌లో మిగతా సైట్లన్నీ చక్కగా తెరుచుకునేవి. రైతులు ఆమె మీద పడ్డారు. ఆమె నాకు ఫోన్ మీద ఫోన్.

విసుక్కుంటూనే వెళ్లాను. నాకొక పాడు అలవాటుండేది. ఆఫీసు నెట్ నత్తనడక కాబట్టి ఎక్కడికి వెళ్లినా తీగ పీకేసి నా ఫోన్ హాట్‌స్పాట్ పెట్టేసేవాణ్ని. ఆ రోజూ అంతే. ఆమె కంప్యూటర్‌ని నా ఫోన్‌కి కలిపి, "ఇప్పుడు ఒకటి కొట్టమ్మా" అన్నాను. కొట్టింది. పోయింది.

"చూశావా? ప్రోగ్రామ్ బాగానే ఉంది."

"అవును సార్, పోయింది గని… మీరు పోయినంక పోకపోతే ఎట్ల? జర గీ మూటల లాట్లు అయ్యేదాంక కూసోండ్రి."

"నేను కూర్చుంటే పోతుంది, లేస్తే పోదా? నువ్వు నిదానంగా చూసి కొట్టమ్మా, అన్నీ పోతాయి" అని నోరు పారేసుకున్నాను. అక్కడున్న రైతులు నవ్వారు. ఆమె కూడా నవ్వినట్టే మొహం పెట్టి తీగ మళ్లీ గుచ్చింది. నాకు బస్సు టైమయింది.

బస్సులోనే మేనేజర్‌కి మెయిల్ కొట్టాను. నెట్ బాగుంది, ప్రోగ్రామ్ బాగుంది, ఆపరేటర్ ఎంట్రీలో పొరపాట్లున్నట్టున్నాయి అని. "ఉన్నట్టున్నాయి" అన్నాను చూడండి, చేతికి మట్టి అంటకుండా. తర్వాత నాగర్‌కర్నూల్ పోతూ బిజినేపల్లిలో టీ తాగుతుంటే ఆయన ఫోన్ చేశాడు. "ఆమెను తీసేసినం. డిగ్రీ పిలగాన్ని పెట్టిన. ఇగ నీకు పరేషాన్ లేదు." మంచిది సార్ అన్నాను. టీ కూడా పూర్తిగా తాగాను.

వారం తర్వాత పనిలో చేరిన డిగ్రీ అబ్బాయికీ మొదటి రోజే అదే ముక్క వచ్చింది. "పంపలేకపోయాం."

మర్నాడు పొద్దున్నే గద్వాల వెళ్లి, ఫోన్ జేబులోంచి తీయకుండా, ఆఫీసు తీగనే నా ల్యాప్‌టాప్‌కి గుచ్చాను. కర్ల్ అని ఒక పనిముట్టుంది. ప్రోగ్రామ్‌తో పని లేకుండా మనమే సర్వర్‌కి ఒక అభ్యర్థన పంపి, దారిలో ఏం జరిగిందో వరుసగా చూడొచ్చు. మామూలుగా పంపాను. కొత్త పద్ధతిలో, అంటే హెచ్‌టీటీపీ రెండులో మాట్లాడుకుందామని రెండు వైపులా ఒప్పుకున్నట్టు కనిపించింది. మరుక్షణమే ప్రోటోకాల్, అంటే మాట్లాడే పద్ధతి, తప్పని తెగిపోయింది. హాట్‌స్పాట్ పెట్టి అదే పంపాను. పోయింది. మళ్లీ తీగ గుచ్చి, ఈసారి పాత పద్ధతిలోనే, ఒకటి పాయింట్ ఒకటిలోనే మాట్లాడమని బలవంతం చేసి పంపాను. రెండు వందలు అని జవాబొచ్చింది. అంటే అంతా సరే అని.

తీగ అదే, సర్వర్ అదే, కంప్యూటర్ అదే. మారింది మాట్లాడే పద్ధతి ఒక్కటే.

గద్వాల ఆఫీసు మూలన బీరువా మీద ఒక పాత ప్రాక్సీ పెట్టె ఉంది. ఆ తీగలో వెళ్లేదంతా దాని గుండానే బయటికి పోతుంది. మిగతా సైట్లను అది ముట్టుకోదు, మా సర్వర్‌కి పోయే వాటిని మాత్రం విప్పి చూసి పంపుతుంది. పాత పద్ధతి చదవగలిగే అక్షరాల వరుస, అది దానికి తెలుసు. కొత్తదానిలో అంతా చిన్న చిన్న ముక్కలుగా, యంత్రాల లెక్కలో వస్తుంది. కొత్తది మాట్లాడదామా, సరే అనే ఒప్పందాన్ని ఆ పెట్టె అర్థం కాకుండానే దాటించేది, ఆ తర్వాత ముక్కలు రాగానే కంగారుపడి తెంచేసేది. పాత ప్రోగ్రామ్ పాత పద్ధతిలో మాట్లాడేది కాబట్టి ఇన్నాళ్లూ గొడవ లేదు. కొత్త పద్ధతిని తెచ్చింది నేను. మిగతా రెండు ఊళ్లలో ఆ పెట్టే లేదు. నా ఫోన్‌కీ లేదు.

ప్రోగ్రామ్ సెట్టింగులో ఒక్క వరుస మార్చి, పాత పద్ధతిలోనే మాట్లాడమన్నాను. పంపలేకపోయినవన్నీ అది దాచిపెట్టుకుని ఉంది, మూసి మళ్లీ తెరవగానే తనంతట తానే పంపడం మొదలుపెట్టింది. తెర మీద ఒకదాని కింద ఒకటి, చేరింది, చేరింది, చేరింది. చివర అబ్బాయి కొట్టిన ఒకటి రెండు తప్ప అన్నిటి పక్కనా ఆమె పేరే. ఒక్కటీ తిరిగి రాలేదు. ఒక్క తేమ అంకె, ఒక్క రైతు కోడ్ నంబరు తప్పు లేదు. డిగ్రీ అబ్బాయి "అరె, మస్తు పోతున్నయి గద సార్" అని చప్పట్లు కొట్టాడు. నాకు సిగ్గుతో మెడ కాలిపోయింది.

మేనేజర్ దగ్గరికి వెళ్లి, తప్పు నాది, ఆమెది కాదు అని మొత్తం చెప్పాను. ఆయన తల పట్టుకున్నాడు. "ఏందివయా, ముందే జర చూసుకోవద్దా? సరే, వస్తే రమ్మను."

ఫోన్ చేశాను. వెనక కాంక్రీటు మిక్సర్ గరగర తిరుగుతోంది. పుణెలో ఉంది. చెప్పాను.

"అన్నీ పోయినయా సార్? నేను కొట్టినయి?"

"అన్నీ పోయినయమ్మా. ఒక్కటి కూడా తప్పు లేదు. నేనే ఆ తీగ మీద చూడలేదు. వచ్చెయ్, రమ్మంటున్నారు."

"ఎట్ల వస్త సార్, పని నడుమల మేస్త్రీ ఇడుస్తడా?" గొంతు తగ్గించి మళ్లీ అంది, "సార్, గా మాట మా ఆయనకు జర చెప్పుర్రి. తప్పులు కొట్టి కొలువు పోగొట్టుకున్న అంటుండు."

ఫోన్ ఆయన చేతికిచ్చింది. మళ్లీ మొదటినుంచి చెప్పాను. ఆమె తప్పేం లేదు, తప్పు నాది అని రెండుసార్లు చెప్పాను. ఆయన కోపగించుకుంటే బాగుండుననుకున్నాను. తిట్లకు నేను సిద్ధంగానే ఉన్నాను.

"సరే సార్" అన్నాడు నెమ్మదిగా. "మరి బిడ్డను బడిల పేరు తీపిచ్చినం గద. గదెట్ల సార్?"

ఆయన ఫోన్ పెట్టేయకుండా అట్లాగే జవాబు కోసం చూశాడు.