నెలవంక రోజు షిఫ్టు

అబుదాబి శివార్లలో, మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో ఒక క్లినిక్‌లో నేను రిసెప్షనిస్టుగా పనిచేసేదాన్ని. డెస్కు మీద ఇద్దరమే. మూడింటి దాకా కేరళ అమ్మాయి, అక్కడి నుంచి తొమ్మిదింటి దాకా నేను. మా ఆయన ఎక్కడో దూరాన రువైస్‌లో సైటు మీద ఉండి, వారానికోసారి ఇంటికొచ్చేవాడు. నేను డ్యూటీలో ఉన్నంతసేపూ మూడేళ్ల మా పాప పక్క ఫ్లాట్ పిన్నిగారి దగ్గర ఉండేది.

ఆ పాప పేరు పెట్టి పిలిస్తే తిరిగేది కాదు. మొండిదని కొన్నాళ్లు తిట్టుకున్నాం. చెవుల పరీక్ష చేయించమనీ, ఆలస్యమైతే మాటలు ఇంకా కష్టమనీ పిల్లల డాక్టరు చెప్పాక మొండిది కాదేమోనని భయం పట్టుకుంది. చెవుల సెంటర్ వాళ్లు రెండు నెలలు ఆగమని, ఒక సాయంత్రం ఐదింటికి అపాయింట్‌మెంట్ ఇచ్చారు. అమ్మో నాన్నో తప్పక ఉండాలట. పాప నిద్రపోతుండగా చేసే పరీక్ష కాబట్టి, ఆ రోజు ముందుగా పడుకోనివ్వకూడదట.

ఐదింటికి అంటే నా డ్యూటీ టైము. మా మేనేజర్ హైదరాబాద్ ఆయన. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే తిట్టుకోవడానికైనా బాగుండేది. అడిగితే తలూపాడు.

"ఆమె ఒప్పుకుంటే నాకేం లేదమ్మా. గానీ ఒకసారి రోస్టర్ మార్చినంక మళ్ల నా దగ్గరికి రావద్దు. ఖలాస్."

కేరళ అమ్మాయి వెంటనే, "నో ప్రాబ్లమ్ దీదీ, ఉదయం మీరు చేయండి, సాయంత్రం నేను చూసుకుంటా" అంది. ఆ రోజంతా నా అంత తెలివైనది లేదన్నట్టు తిరిగాను.

రంజాన్ మొదలైతే క్లినిక్ వేళలు మారతాయని నాకు తెలియనిది కాదు. ఏటా ఆ బోర్డు తలుపుకు అంటించేది నేనే. కానీ నెలవంక కనపడేది అపాయింట్‌మెంట్ రోజు సాయంత్రమేనని అందరూ అనుకున్నారు, నేనూ అనుకున్నాను. ముందు రోజు సాయంత్రమే కనపడింది. రేపే ఉపవాసమని ప్రకటించేశారు. ఉదయం షిఫ్టు వేళ అలాగే ఉంది గాని, సాయంత్రం షిఫ్టు రాత్రి ఎనిమిది నుంచి పన్నెండు దాకా అని మారింది. ఐదింటికి క్లినిక్కే మూసి ఉంటుంది. అంటే షిఫ్టు మార్చుకోకపోయినా నేను ఖాళీయే.

పొద్దున్నే పాపని లేపి, నిద్ర పోనివ్వొద్దని పిన్నిగారికి అప్పగించి డ్యూటీకి బయల్దేరాను. దారిలో సెంటర్ నుంచి మెసేజ్ వచ్చింది. రంజాన్ వేళల వల్ల మీ అపాయింట్‌మెంట్ ఈ రోజు ఉదయం పదకొండుకు మార్చాము అని. చదివి ఫుట్‌పాత్ మీదే నిలబడిపోయాను. ఎప్పటిలా సాయంత్రం షిఫ్టే ఉంచుకుని ఉంటే పదకొండింటికి హాయిగా వెళ్లేదాన్ని.

కేరళ అమ్మాయికి ఫోన్ చేశాను. స్విచ్ఛాఫ్. ఉపవాసముండి, తెల్లవారుజామున సెహరీ తిని పడుకున్న మనిషి, రాత్రి దాకా పని లేదనుకున్న మనిషి, ఫోన్ ఎందుకు ఆన్ చేసుకుంటుంది? తన తప్పేముంది?

మేనేజర్ దగ్గరికి వెళ్లాను.

"సార్, ఒక్క రెండు గంటలు."

"డెస్కు మీద ఎవర్ని కూసోబెట్టాలమ్మా? నర్సును తెస్తే డాక్టర్ ఊకుంటడా? ఆమె వస్తే యల్లా, నువ్వు పో. నేనేం ఆపుతలేను."

"రాకపోతే?"

"పోవాలనుకుంటే పో. గానీ మళ్ల రావద్దు. పైనోళ్లకు నేను జవాబు చెప్పుకోవాలె గదా."

పాప ఇన్సూరెన్స్ నా ఉద్యోగం మీదే ఉంది. ఉద్యోగం వదిలి వెళ్తే పరీక్ష చేయించగలను, ఆ తర్వాత వైద్యానికి దారి లేదు. వచ్చి కుర్చీలో కూర్చున్నాను. ఒళ్లంతా మండిపోతోంది. ఎవరి మీదో తెలియదు.

పదకొండు దాటాక సెంటర్‌కు ఫోన్ చేశాను. ఎవరో అమ్మాయి, మర్యాదైన గొంతు. ఈద్ తర్వాతే, రెండు నెలలకు ఉంది మేడమ్ అంది. చిన్న పిల్లమ్మా, ముందేమైనా చూడండి అన్నాను. "సిస్టమ్‌లో అదే చూపిస్తోంది మేడమ్, సారీ" అంది.

నాకు కోపం రాలేదు. ఆ మాట నేను రోజుకు ఎందరికి చెబుతానో. అచ్చం అదే గొంతుతో చెబుతాను. ఫోన్ పెట్టేసరికి కౌంటర్ ముందు బిడ్డనెత్తుకుని ఒకావిడ, డాక్టర్ ఈ రోజు చూడగలడా అని అడుగుతోంది. రేపటికే ఉంది మేడమ్, సారీ అన్నాను.

మూడింటికి డ్యూటీ దిగి నేరుగా పక్క ఫ్లాట్‌కే వెళ్లాను. పాప పిన్నిగారి ఒళ్లో కళ్లు మూతలు పడుతూ ఉంది.

"నాలుగుసార్లు కునుకు తీయబోయింది, పడుకోనివ్వలేదమ్మా. ఇప్పుడు తీసుకెళ్తావా?" అంది పిన్నిగారు.

పడుకోనివ్వండి పిన్నీ అన్నాను. పాప నిద్రలోకి జారాక చెవి దగ్గరగా వంగి, పేరు పెట్టి పిలిచాను. తర్వాత గట్టిగా పిలిచాను. వంటింట్లోంచి పిన్నిగారు ఉలిక్కిపడి వచ్చింది. పాప కదల్లేదు.